ముగ్గురు వక్తలు, ఒక్క మైకు: పరిచయంలో ఎవరికీ తక్కువ కాకుండా ఎట్లా?

లతీఫ్‌గుట్ట_నీడ

జనవరి 16న జాతీయ స్టార్టప్ దినం కదా, ఆ రోజు నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో చర్చ పెడుతున్నరు. విషయం "కంపెనీ పెట్టాలంటే ఊరు విడవాలా?" మాట్లాడేటోళ్లు ముగ్గురు. నడిపించే పని నా మీద పడ్డది. నేను కామర్స్ చెప్తా. క్లాసులో గంట మాట్లాడమంటే మాట్లాడుత గానీ ఇది వేరే పని.

ఒకాయన బత్తాయి రైతులను ఢిల్లీ వ్యాపారులతో కలిపే యాప్ నడుపుతడు. ఇంకొకామె మహబూబ్‌నగర్ దగ్గర కడక్ జొన్నరొట్టెలు చేయించి హైదరాబాద్ దుకాణాలకు పంపుతది. మూడో అతను నల్లగొండలోనే ఇంటింటికి పాలు వేసే కంపెనీ పెట్టి 19 నెలలకు ఆపేసిండు.

పరిచయం రాసి పంపమని ముగ్గురినీ అడిగిన. యాప్ ఆయనది ఒకటిన్నర పేజీ వచ్చింది, అందులో "10 కోట్ల కంపెనీ, 9 కోట్ల టర్నోవర్" అని పెద్దక్షరాలు. రొట్టెల ఆమె వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టింది: "కడక్ రొట్టెలు చేస్తం. తొమ్మిది మందిమి." పాలాయన ఫోన్ చేసి "మూసేసినోణ్ని, నా గురించి ఏం చెప్తరు సార్" అన్నడు.

ఇవి ఇట్లనే చదివితే చర్చ మొదలవకముందే ఎవరు గొప్పో పిల్లలు తేల్చేసుకుంటరు. ఇట్లాంటివి నడిపినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి. మొదటి మాటలు, ఒకరి నుంచి ఇంకొకరికి పోయేటప్పుడు కలిపే మాటలు ఎట్లా రాసుకుంటరు?

హాలియా_కాలువ

రాసిచ్చింది ఉన్నదున్నట్టు చదువు సార్. మనం మారిస్తే "నేను గట్లా రాయలే" అంటరు. మా దిక్కు ఒక సభల పేరు ముందు డాక్టర్ అనలేదని ఒకాయన స్టేజీ మీదనే అలిగి కూసున్నడు. మూడు ముక్కలు మాట్లాడి దిగిపోయిండు.

మైకు_మామ

హాలియా తమ్ముడు చెప్పింది సగం కరెక్టు. పేరు, పేరు ముందు ఉండేది, కంపెనీ పేరు, హోదా, ఈ నాలుగు వాళ్లు రాసినట్టే పలకాలి. పలికే తీరు కూడా ఫోన్‌లో వాళ్ల నోటితోనే ఒకసారి వినాలి. కానీ మిగతాదంతా నడిపించేటోడు రాసుకోవాల్సిందే. ఎందుకంటే ఒకరు పొగుడుకుంటరు, ఒకరు సిగ్గుపడతరు. ఉన్నదున్నట్టు చదివితే ఆ పొగుడుకోవడం, ఆ సిగ్గు నీ నోటి నుంచి సభకు పోతయి.

నేను ఇరవై ఏండ్ల సంది రైతు సభలు, కాలేజీ చర్చలు నడుపుతున్న. నేను చేసేది ఒక్కటే. ముగ్గురికీ ఫోన్ చేసి అవే మూడు ప్రశ్నలు అడుగుత. ఏం అమ్ముతున్నరు, ఎవరికి అమ్ముతున్నరు? మొదటి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఇయ్యాళ ఎక్కడున్నరు? జవాబులు అదే వరుసలో రాస్త. ఒకరికి డబ్బు సంగతి చెప్పి ఇంకొకరికి చదువు సంగతి చెప్తే ఇగ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూసుడు కుదరదు.

నిడివి కూడా చూసుకో. గడియారం పెట్టుకొని చదివితే నాకు నిమిషానికి తొంభై, వంద మాటలు వస్తయి. మనిషికి అర నిమిషం చాలు, అంటే యాభై మాటలకు అటు ఇటు. రాసినంక మాటలు లెక్కపెట్టు. ఒకరికి ఎనభై, ఒకరికి ముప్పై ఉంటే ఆ ముప్పై ఉన్నోళ్లకు మళ్లీ ఫోన్ చెయ్యి. నువ్వు వాళ్లను సరిగ్గ అడగలేదని అర్థం.

రూపాయి_లెక్క

మామ చెప్పిన రెండో ప్రశ్న దగ్గర ఆగాలి. ఆ "10 కోట్ల కంపెనీ" అంటే ఏంటో అడిగారా? నా అంచనా, ఎవరో ఇన్వెస్టర్ కొంత వాటా కొని ఉంటారు. ఉదాహరణకు 15 శాతానికి కోటిన్నర పెడితే మొత్తం కంపెనీ విలువ కాగితం మీద 10 కోట్లు అవుతుంది. అంతేగానీ బ్యాంకులో 10 కోట్లు లేవు, అంత అమ్మకమూ జరగలేదు.

అలాగే "9 కోట్ల టర్నోవర్". యాప్ మీద చేతులు మారిన బత్తాయిల విలువ 9 కోట్లా, లేక కంపెనీకి వచ్చిన కమీషన్ 9 కోట్లా? ఈ రెండూ కలిపేసి చెప్పడం చాలాసార్లు చూశాను. నేను ఆడిట్ చేస్తాను కాబట్టి ముందు అక్కడికే పోతుంది కన్ను.

బుడ్డోడు_దేవరకొండ

నాకు కూడా స్టార్టప్ ఉంది, రెండేళ్లయింది. ఇన్వెస్టర్ ముందు ఎట్లా పరిచయం చేసుకోవాలి? స్టార్టప్ ఇండియా గుర్తింపు ఉంటే పైసలు తొందరగా వస్తయా?

రూపాయి_లెక్క

బుడ్డోడు, ఇక్కడి ప్రశ్న వేరు. అయినా నీ మాటలో లతీఫ్‌గుట్ట సార్‌కు పనికొచ్చేది ఒకటుంది. స్టార్టప్ ఇండియా కింద కేంద్ర శాఖ డీపీఐఐటీ ఇచ్చే గుర్తింపు అంటే కంపెనీ వయసు, అమ్మకాలు, చేసే పనిలో కొత్తదనం, ఇట్లాంటి షరతులకు సరిపోయిందని. దాంతో కొన్ని పన్ను, టెండర్ వెసులుబాట్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్కారు పైసలు ఇచ్చినట్టు కాదు, సరుకు మంచిదని ముద్ర వేసినట్టూ కాదు. స్టేజీ మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన" అని ఒకరికే గొంతు పెంచి చదివితే మిగతా ఇద్దరూ దొంగచాటుగా నడుపుతున్నట్టు వినబడుతుంది.

పిల్లలమర్రి_కొమ్మ

నా సంగతి చెప్తా. నాకు టైలరింగ్ యూనిట్ ఉంది, పద్నాలుగు మంది పని చేస్తరు, స్కూల్ యూనిఫాంలు కుడతం. ఒక సభకు పిలిచిన్రు. నా ముందు మాట్లాడిన ఇద్దరు మగవాళ్లకు వాళ్ల కంపెనీ, ఎన్ని ఊర్లకు పోయింది, అన్నీ చెప్పిన్రు. నా దగ్గరికొచ్చేసరికి "ఫలానా గారి సతీమణి, ఇంటి పని చూసుకుంటనే ఖాళీ సమయంలో కుట్టుపని చేస్తూ" అన్నరు. నేను పొద్దున తొమ్మిదికి షెడ్డు తెరిస్తే రాత్రి ఎనిమిదికి తాళం వేస్త. ఆ ముక్క తర్వాత నేను బట్ట రేటు గురించి చెప్పినా ఎవరూ రాసుకోలే. చివర్ల ఒకతను లేచి "మీ ఇంట్లో ఒప్పుకున్నరా అక్కా" అని అడిగిండు, అదొక్కటే నాకు వచ్చిన ప్రశ్న.

సార్, మీ రొట్టెల ఆమెను ఆ రెండు ముక్కలతో వదిలిపెట్టకున్రి.

జొన్నరొట్టె_జడ్చర్ల

కడక్ రొట్టె అనంగనే నోరూరింది. గుత్తి కాకరకాయ కూర దాని పక్కన పెట్టి పరిచయం చెయ్యున్రి, సభ మొత్తం ఆమె దిక్కే.

లతీఫ్‌గుట్ట_నీడ

అందరికీ ఫోన్లు చేసిన. రూపాయి లెక్క గారు, మీ అంచనా అచ్చంగా నిజమైంది. పెట్టుబడి కోటిన్నర, వాటా 15 శాతం. 9 కోట్లు యాప్ మీద అమ్ముడుపోయిన కాయల విలువ. కమీషన్ 4 శాతం. అంటే పోయిన ఏడాది కంపెనీకి వచ్చింది 36 లక్షలు. ఆయన దాచలేదు, అడగంగనే చెప్పిండు. "అందరూ అట్లనే రాస్తరు సార్" అన్నడు.

రొట్టెల ఆమెను అడిగిన. రోజుకు రెండువేల రొట్టెలు, పోయిన ఏడాది అమ్మకం 42 లక్షలు. పిండి, కూలీ, కట్టెలు, బస్సు కిరాయి ఇంకా తీయలేదనుకోండి. అయినా 9 కోట్లు, 42 లక్షలు అని పక్కపక్కన చదివితే ఎట్లుంటది, 36, 42 అని చదివితే ఎట్లుంటది! నేను కామర్స్ చెప్పేటోణ్ని, ఆ కాగితం మొదట చదివినప్పుడు నాకే తట్టలేదు.

రూపాయి_లెక్క

36, 42 కూడా పక్కపక్కన పెట్టకండి సార్. అది ఇటు వైపు తూగిపోతుంది. కమీషన్‌లో సరుకు కొన్న ఖర్చు ఉండదు, రొట్టెల అమ్మకంలో జొన్నల ఖర్చే సగం ఉండొచ్చు. ఒక్కో అంకె ముందు అది దేని అంకెనో చెప్పండి. "9 కోట్ల బత్తాయి ఈ యాప్ ద్వారా అమ్ముడైంది, అందులో కంపెనీ వాటా 36 లక్షలు." ఆమెకు "42 లక్షల రూపాయల రొట్టెలు అమ్మారు." పోల్చుకునే పని వినేవాళ్లకు వదిలేయండి.

ఆమె మొదటి డబ్బు ఎక్కడిది?

లతీఫ్‌గుట్ట_నీడ

చిన్న తిండి యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద బ్యాంకు అప్పు. మొత్తం ఖర్చు 12 లక్షలు, ఆమె చేతి నుంచి లక్షా ఇరవై వేలు. "సర్కారు 4 లక్షల 20 వేలు ఇచ్చింది" అని రాసుకున్న.

రూపాయి_లెక్క

ఖర్చులో 35 శాతం సబ్సిడీ, లెక్క సరిపోయింది. పది లక్షలు దాటకుండా అంతవరకు ఇస్తారు. కానీ "ఇచ్చింది" అంటే చేతికొచ్చిందని అనుకుంటారు. ఆ సబ్సిడీ బ్యాంకులో ఆమె పేరు మీద విడిగా ఉంటుంది. మూడేళ్లు అప్పు మొండిబకాయి కాకుండా, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో కలుపుతారు. ఆమె మూడేళ్లు దాటిందా కనుక్కోండి. దాటితే అది ఆమె నిలబెట్టుకున్నది, దాటకపోతే ఇంకా రాలేదు.

లతీఫ్‌గుట్ట_నీడ

రెండేళ్ల నాలుగు నెలలు. ఇంకా కలపలేదు. మంచి మాట చెప్పిన్రు, ఆ ముక్క కొట్టేస్తున్న.

చేనేత_బాట

మొదటి మాటల్లో చింతకింది మల్లేశం గారిని తలుచుకోండి సార్. ఆలేరు అప్పుడు మన నల్లగొండ జిల్లానే. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే దారాన్ని మేకుల చుట్టూ చుట్టడానికి, వాళ్లమ్మ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేసిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. స్టార్టప్ అనే మాట మన ఊర్లకు రాకముందు సంగతి అది. ఊరు విడవాలా అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి మొదలు ఏముంటది?

మైకు_మామ

మల్లేశం గారంటే నాకూ గౌరవమే. కానీ చర్చ మొదట్లో పద్మశ్రీని నిలబెడితే వెనుక కూసున్న ముగ్గురూ పొట్టిగ కనబడతరు. అందులో ఒకాయన మూసేసుకొని వచ్చినోడు. ఇంకోటి, ప్రశ్నకు జవాబు నువ్వే చెప్పేసినట్టయితది. "ఊరు విడవొద్దు" అని తేల్చినంక ఇగ వాళ్లేం మాట్లాడాలె?

చేనేత_బాట

నేను ఒప్పుకోను మామా. పిల్లలకు తెలిసిన మనిషితో మొదలుపెడితేనే వింటరు. ఎవరో ముగ్గురి పేర్లు వరుసగా చదివితే ఫోన్లు తీస్తరు. పొట్టిగ కనబడుడు అనేది మన మనసుల ఉంది.

పానగల్లు_చెరువు

ఇద్దరి మాటా వినొచ్చు. మొదట్ల కాకుండ చివర్ల చెప్పొచ్చు. లేకపోతే ఆయన ఊరు విడిచి హైదరాబాద్ పోయి ఆ యంత్రం పని కోసం ఎన్ని దుకాణాలు తిరిగిండో చెప్తే ప్రశ్న రెండు దిక్కులా తెరిచే ఉంటది. ఊర్లనే ఉంటే అయిందా, పట్నం పోతే అయిందా అని.

మైకు_మామ

అది చెప్తే బాగనే ఉంటది. అయినా నేనైతే చివరికే పెడుత.

లతీఫ్‌గుట్ట సార్, నాకు ఒక అనుమానం. ఆ ముగ్గురిలో నీకు ముందే తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?

లతీఫ్‌గుట్ట_నీడ

యాప్ ఆయన నా దగ్గర డిగ్రీ చదివిండు. స్టేజీ బ్యానర్ ఖర్చు కూడా ఆయన కంపెనీదే. అది చెప్పాల్నా?

మైకు_మామ

చెప్పాలె. మొదటి నిమిషంలోనే, ఒకే వాక్యంల, నవ్వకుండ. సభల నీ పాత విద్యార్థులు ఇంకా ఉంటరు, వాళ్లకు తెలుసు. నువ్వు చెప్పకపోతే ఆయనకు రెండు నిమిషాలు ఎక్కువ ఇచ్చినా, తక్కువ ఇచ్చినా తప్పే అంటరు. చెప్పినంక ఆయనను "మన పిల్లగాడు" అని పిలవకు. ముగ్గురికీ "గారు" పెట్టు. ఒకరిని నువ్వు అని, ఇద్దరిని మీరు అంటే అక్కడనే తక్కెడ వంగుతది.

లతీఫ్‌గుట్ట_నీడ

రాసుకున్నది పెడుతున్న. తప్పులు చెప్పున్రి.

"ఈ రోజు ప్రశ్న, కంపెనీ పెట్టాలంటే ఊరు విడవాలా? ముగ్గురు ముగ్గురూ మన జిల్లాల్లోనే పెట్టినవాళ్లు. తలా ఎనిమిది నిమిషాలు. ఏడో నిమిషంలో నేను ఈ పసుపు కాగితం ఎత్తుతాను, ముగ్గురికీ ఎత్తుతాను. ఒక సంగతి ముందే చెప్పాలి: మొదటి వక్త నా దగ్గర చదువుకున్నారు, ఈ బ్యానర్ వారి కంపెనీ ఇచ్చింది.

ఫలానా గారు బత్తాయి తోటల రైతులకు ఢిల్లీ కొనుగోలుదారులను చూపే యాప్ నడుపుతున్నారు. కంపెనీలో 15 శాతం వాటా ఇచ్చి కోటిన్నర పెట్టుబడి తెచ్చుకున్నారు. పోయిన ఏడాది 9 కోట్ల బత్తాయి ఈ యాప్ ద్వారా అమ్ముడైంది, కంపెనీకి అందులో 36 లక్షలు వచ్చాయి.

ఫలానా గారు కడక్ జొన్నరొట్టెలు చేయించి హైదరాబాద్ దుకాణాలకు అమ్ముతున్నారు. తన లక్షా ఇరవై వేలతో, మిగతాది బ్యాంకు అప్పుతో మొదలుపెట్టారు. తొమ్మిది మంది పని చేస్తున్నారు, పోయిన ఏడాది కేవలం 42 లక్షల రూపాయల రొట్టెలు అమ్మారు.

ఫలానా గారు నల్లగొండలో రోజూ 400 లీటర్ల పాలు ఇంటింటికి వేశారు. తన పొదుపు, స్నేహితుల డబ్బు పెట్టారు. దురదృష్టవశాత్తు 19 నెలలకు కంపెనీ మూతపడింది."

పిల్లలమర్రి_కొమ్మ

"కేవలం" తీసేయున్రి సార్. ఎందుకు వచ్చింది ఆ మాట అక్కడ?

లతీఫ్‌గుట్ట_నీడ

అయ్యో. నిజంగా నాకు తెలియకుండనే పడ్డది. తీసేసిన.

మైకు_మామ

"దురదృష్టవశాత్తు" కూడా తీసెయ్యి. అది దురదృష్టమా, లెక్క తప్పా ఆయనే చెప్పాలె. "మూతపడింది" అంటే దానంతటదే పడ్డట్టుంది. ఆయన ఆపిండు. ఎందుకు ఆపిండో అడిగినవా?

లతీఫ్‌గుట్ట_నీడ

అడిగిన. లీటరు మీద ఆయనకు మిగిలేది ఆరు రూపాయలు. ఇంటికి చేర్చే ఖర్చు, పిల్లగాళ్ల జీతం, పెట్రోలు, పగిలిన సీసాలు కలిపి తొమ్మిది. లీటరుకు మూడు పోతున్నది. 400 లీటర్లకు రోజుకు 1,200, నెలకు 36 వేలు. ఇండ్లు పెరిగితే ఖర్చు తగ్గుతదనుకున్నడట. కానీ కొత్త ఇండ్లు దూరం కాలనీల్లో దొరికినయి, పెట్రోలు పెరిగింది. పుస్తకం ముందర పెట్టుకొని ఒక రాత్రి నిర్ణయం తీసుకున్నడు. సీసాల డిపాజిట్లు అందరికీ వాపస్ ఇచ్చిండు.

పానగల్లు_చెరువు

ఇంతకంటే మంచి పరిచయం ఏం కావాలె! "లీటరుకు మూడు రూపాయలు ఎక్కడ పోతున్నాయో పట్టుకుని, 19 నెలలకు ఆపారు, డిపాజిట్లన్నీ తిరిగిచ్చారు." పిల్లలు నిటారుగ కూసుంటరు.

హాలియా_కాలువ

కానీ ఆ లెక్క పరిచయంలనే చెప్తే ఆయన ఎనిమిది నిమిషాలు ఏం మాట్లాడతడు? అసలు ఆపేసినట్టు కూడా ఆయనతోనే చెప్పించాలె అంటున్న నేను.

మైకు_మామ

హాలియా, ఈసారి నీ మాటల బలముంది. ఆపిన సంగతి దాయొద్దు, మొదటి ఇద్దరికీ "ఇయ్యాళ ఎక్కడున్నరు" చెప్పి ఈయనకు చెప్పకపోతే దాచినట్టే. అంకె మాత్రం ఆయనకు వదిలెయ్యి. ఏం చెప్పాల్నో, ఏం వద్దో ఆయనకు చదివి వినిపించి అడుగు.

ఇగ కలిపే మాటలు. ఇవి పూర్తిగ ముందే రాసుకుంటే వినుడు ఆగిపోతది, రాసుకున్నది ఎప్పుడు చదువుదమా అని చూస్తుంటవు. నేను చేసేది, వక్త మాట్లాడుతుంటే ఒక్క వాక్యం రాసుకుంట, ఆయన గట్టిగ నిలబడ్డ మాట. దాన్ని ఆయన ఒప్పుకునే తీరుల తిరిగి చెప్పి, అదే మాట మీద తర్వాతి మనిషికి ప్రశ్న వేస్త. నలభై సెకన్లు దాటొద్దు. "అద్భుతంగ చెప్పిన్రు" అని ఒకరికంటే ముగ్గురికీ అనాలె, అందుకని ఎవరికీ అనను. "ఇంత పెద్ద కంపెనీ విన్నరు కదా, ఇప్పుడు ఒక చిన్న ప్రయత్నం చూద్దం" అనే వాక్యం ఎన్ని సభలను చెడగొట్టిందో!

జొన్నరొట్టె_జడ్చర్ల

వరుస ఎట్లా పెడుతున్నరు సార్? పాలాయనను చివర్ల పెడితే పిల్లలు భయంతోని ఇంటికి పోతరు. మొదట్ల పెడితే మిగతా ఇద్దరి ముందు తేలిపోతడు.

చేనేత_బాట

చీటీలు వెయ్యున్రి, అందరి ముందర.

రూపాయి_లెక్క

చీటీల్లో పక్షపాతం ఉండదు, కానీ వాదన తెగిపోతుంది. పెట్టుబడి, అప్పు, సొంత పొదుపు అనే వరుసలో డబ్బు కథ నడుస్తుంది. నేనైతే దాన్నే ఉంచుతాను.

లతీఫ్‌గుట్ట_నీడ

(జనవరి 17)

నిన్న అయిపోయింది. వరుస మార్చలే, అదే ఉంచిన. మల్లేశం గారి సంగతి మొదట్లో చెప్పలే. చేనేత బాట గారు కోపం చేసుకోకున్రి, ప్రశ్నలు జరిగేటప్పుడు వెనుక బెంచి నుంచి ఒక ఆలేరు అమ్మాయే లేచి చెప్పింది.

మొదటి కలుపు బాగ కుదిరింది. యాప్ ఆయన గట్టిగ నిలబడ్డ మాట, కాయను చెట్టు మీద చూడనిదే ధర చెప్పలేం, అందుకే ఆఫీసు తోటల దగ్గర ఉంచిన అని. దాన్నే తిరిగి చెప్పి "సరిగ్గ చెప్పానా?" అని అడిగిన, తలూపిండు. తర్వాత ఆమెను "మీ సరుకు మీ దగ్గర, కొనేవాళ్లు హైదరాబాద్‌లో. ఊర్లోనే ఉండడం వల్ల మీకు పోయిందేంటి?" అని అడిగిన. ఆమె సంచిలోంచి ఒక రొట్టె తీసి మైకు దగ్గర విరిచింది. పట్‌మని హాలంతా వినబడ్డది. "ఇది బస్సు టాపు మీద పోతే పొడి అయితది. వందకు ఎనిమిది విరుగుతయి. పట్నంల ఉంటే విరగవు, కానీ ఆ కిరాయికి నాకు పొయ్యి పెట్టే జాగ దొరకదు" అన్నది. ఆ మాట తర్వాత ఎవరూ ఫోన్ చూడలే.

రెండో కలుపు దగ్గర తప్పు చేసిన. పాలాయనకు ప్రశ్న వేసేటప్పుడు "మీరు పట్నంలో పెట్టి ఉంటే నిలబడేది కదా" అన్న. ప్రశ్న లెక్క లేదు, తీర్పు లెక్క ఉంది. ఆయన ఒక నిమిషం ఆగి, "పట్నంల అయితే నెలకు 36 వేలు కాదు సార్, మూడు లక్షలు పోయేటివి. తొందరగ తెలిసేది, అంతే" అని తన పుస్తకం తెరిచిండు. పరిచయంలో అంకె చెప్పొద్దని ఆయనే అన్నడు, అది చెప్పకపోవడం మంచిగైంది. బ్లాక్‌బోర్డు మీద తొమ్మిదిలోంచి ఆరు తీసేసి మూడు రాసి దాని చుట్టూ సున్నా చుట్టిండు.

మైకు_మామ

"కదా" అని వస్తే అది ప్రశ్న కాదు. నాకూ జారుతుంటది. పసుపు కాగితం ఎత్తినవా?

లతీఫ్‌గుట్ట_నీడ

ముగ్గురికీ ఎత్తిన. మొదటాయన తొమ్మిది నిమిషాలు తీసుకున్నడు, ఆపలేకపోయిన. మిగతా ఇద్దరు ఎనిమిది లోపల ముగించిన్రు. ఆ ఒక్క నిమిషం మా ఇంటికొచ్చినా గుర్తొస్తనే ఉంది. దాన్ని మిగతా వాళ్లకు ఎట్లా సరిచేస్తరు మామా, అక్కడికక్కడ?

పిల్లలమర్రి_కొమ్మ

సార్, రొట్టెల ఆమెకు ప్రశ్నలు ఎన్ని వచ్చినయి?

లతీఫ్‌గుట్ట_నీడ

ఐదు. నాలుగు విరిగే రొట్టెల మీద, ఒకటి జొన్నలు ఎక్కడ కొంటరని. ఇంట్లో ఒప్పుకున్నరా అని ఎవరూ అడగలే అక్కా.